మూడు చలికాలాలు మొహానికి పెట్రోలియం జెల్లీ రాసుకున్నాక

ముందే మార్కులు వేసేస్తాను. నా బుగ్గలకైతే ఐదుకి నాలుగు. మా అమ్మాయి నుదుటికి సున్నా. ఒకే ఇల్లు, ఒకే జెల్లీ. ఇంత తేడా ఎందుకొచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 46 ఏళ్లు, బ్యాంకులో పని. ఏసీ గాలి సరిగ్గా నా కుర్చీ మీదికే కొడుతుంది, జరుపుకుందామంటే చోటు లేదు. చిన్నప్పటి నుంచీ పొడి చర్మమే. నలభై దాటాక మరీ ఎక్కువైంది. కార్తీకం వెళ్లగానే మూతి పక్కన చర్మం పట్టేసినట్టుండేది, ముక్కు పక్కన పొట్టు లేచేది. పౌడరు రాస్తే ఆ పొట్టు ఇంకా బాగా కనపడేది.

ఈ పద్ధతి పేరు స్లగ్గింగ్. స్లగ్ అంటే గుల్ల లేని నత్త. రాత్రి మాయిశ్చరైజరు మీద పెట్రోలియం జెల్లీ పల్చగా పూసుకుని పడుకుంటే మొహం నత్త పాకిన గోడలా మెరుస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. మొదటి రాత్రి మా అత్తయ్య చూసి, "ఏమ్మా, మొహానికి పెట్రోలు పూసుకున్నావా?" అన్నారు. పూర్తిగా తప్పు కూడా కాదు. అది ముడి చమురు నుంచే వస్తుంది. 1859లో ఛీస్‌బ్రో అనే ఆయన పెన్సిల్వేనియాలో నూనె బావుల దగ్గరికి వెళ్లి, అక్కడి కూలీలు కడ్డీలకు పట్టిన జిడ్డుని దెబ్బలకు, కాలిన చోట రాసుకోవడం చూశాడట. దాన్నే శుద్ధి చేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు. ఇది చెబితే అత్తయ్య, "అయితే కాళ్లకి రాసుకో, మొహానికెందుకు" అని తేల్చేశారు.

మొదటి వారం నేను చేసిన తప్పు చాలామంది చేస్తారు. మొహం కడుక్కుని, తువ్వాలుతో గట్టిగా తుడిచి, పూర్తిగా ఆరాక నేరుగా జెల్లీ పట్టించాను. పొద్దున్న లేచేసరికి పైన జిడ్డు, లోపల అదే బిగుతు. జెల్లీ మన చర్మానికి నీళ్లేమీ ఇవ్వదు. ఉన్న నీరు ఆవిరైపోకుండా మూత పెడుతుంది, అంతే. ఖాళీ గిన్నె మీద మూత పెట్టి అన్నం ఉడకలేదంటే ఎలా?

రెండో వారం నుంచి ఇలా చేశాను. రాత్రి తొమ్మిదిన్నరకి నురగ ఎక్కువ రాని ఫేస్‌వాష్‌తో కడుక్కుని, తువ్వాలు అద్దుకుని వదిలేస్తాను. చెమ్మ ఇంకా ఉండగానే గ్లిజరిన్ ఉన్న మామూలు మాయిశ్చరైజరు రాస్తాను. పది నిమిషాలు ఆగి శనగగింజంత జెల్లీ తీసుకుని, రెండు అరచేతుల మధ్య కరిగేదాకా రుద్ది, బుగ్గల మీద, మూతి చుట్టూ, గడ్డం మీద అద్దుతాను. రుద్దితే కింద ఉన్న మాయిశ్చరైజరు కూడా చేతికి వచ్చేస్తుంది, అందుకే అద్దడం. కళ్ల కింద పూయను. ఒకసారి పూస్తే కరిగి కంట్లోకి దిగి, అరగంట అంతా మసగ్గా కనిపించింది. తరవాత పడుకోవడానికి ఇంకో అరగంట టైమిస్తాను, దిండు గలీబు మాత్రం పాతదే.

కొనేటప్పుడు వాసన, రంగు ఉన్నవి వద్దనుకుని మెడికల్ షాపులో తెల్లటి సాదా జెల్లీ తెచ్చుకున్నాను. 85 గ్రాముల డబ్బా, వారానికి నాలుగు రాత్రుల చొప్పున, రెండు చలికాలాలు వచ్చింది. అందులో మామయ్యగారి మడమలకి పోయింది కూడా ఉంది.

ఫలితం నాలుగో రోజుకే తెలిసింది. ముక్కు పక్కన పొట్టు పోయింది. రెండు వారాలకి నవ్వితే మూతి దగ్గర పట్టేసినట్టుండటం తగ్గింది. మంగు మచ్చలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ముడతలు కూడా అంతే, పొద్దున్న చర్మం నిండుగా ఉండటం వల్ల సన్నగీతలు కాస్త తక్కువ కనపడతాయి, సాయంత్రానికి మళ్లీ హాజరు. ఆ పోయిన ఒక మార్కు వీటికి కాదు, పొద్దున్న జిడ్డు వదిలించుకోవడానికి. ఫిబ్రవరిలో ఒకరోజు లేటైపోయి సరిగ్గా కడక్కుండా స్కూటీ మీద మిర్చి యార్డు వైపు వెళ్లాను. కాయ దిగే రోజులు. ఆ దారిలో గాల్లో ఉండే కారం దుమ్ము మామూలుగా తుమ్ములతో పోతుంది. ఆ రోజు బుగ్గలకి అతుక్కుని బ్యాంకుకి చేరేదాకా మండింది.

ఇంకొకటి వేసవి. మొదటి ఏడాది అలవాటు మానలేక మే నెలలో కూడా రాశాను. పడగ్గదిలో ఏసీ ఉంది కదా అని ధీమా. ఒక రాత్రి రెండింటికి కరెంటు పోయింది. నాలుగింటికి లేచి చూసుకుంటే మెడ, దవడ కింద ఎర్రగా చెమటకాయలు. చెమట బయటికి వచ్చే దారి మీద జిడ్డు పొర కూర్చుంటే ఇంకేమవుతుంది? ఇప్పుడు నవంబరు చివర మొదలుపెట్టి శివరాత్రి వెళ్లాక ఆపేస్తున్నాను.

ఇక మా అమ్మాయి సంగతి. 19 ఏళ్లు, విజయవాడలో ఇంజనీరింగ్, హాస్టల్. జిడ్డు చర్మం, టెన్త్ నుంచీ మొటిమలు. డాక్టరు రాసిన అడాపలీన్ జెల్ రాత్రిపూట వాడుతుంది. కిందటి ఏడాది సంక్రాంతికి ఇంటికొచ్చి, "అమ్మా, నీ బుగ్గలు భలే ఉన్నాయే" అని నా డబ్బా తీసుకుంది. నేనూ వద్దనలేదు. అక్కడే నా తప్పు.

మొదటి మూడు రోజులు అడాపలీన్ రాసి, దాని మీదే జెల్లీ పూసింది. నాలుగో రోజు ముక్కు పక్కన, గడ్డం మీద ఎర్రబడి సబ్బు తగిలినా మంట. మూత పెడితే కింద ఉన్న మందు ఎక్కువగా లోపలికి దిగుతుంది, దాని ఘాటూ పెరుగుతుంది. అది అర్థమై, మందు రాయని రాత్రుల్లో మాత్రమే జెల్లీ రాసుకుంటానని చిన్న డబ్బా ఒకటి కొనుక్కుని హాస్టల్‌కి పట్టుకెళ్లింది.

హాస్టల్ గదిలో నలుగురు, ఏసీ లేదు. బెజవాడలో ఫిబ్రవరి చివరికే రాత్రుళ్లు ఉక్క మొదలవుతుంది. శనివారం రాత్రి తలకి కొబ్బరినూనె, ఆదివారం తలంటు, ఇది మా ఇంటి అలవాటు. అంటే శనివారం రాత్రి నుదుటి మీద జారిన నూనె, దానిమీద జెల్లీ, ఆ కింద చెమట.

మార్చి మధ్యలో ఫోటో పంపింది. నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట ఆవగింజంత పొక్కులు, లెక్కపెట్టలేనన్ని. మొటిమలే అనుకుని ఫ్రెండు చెప్పిన బెంజాయిల్ పెరాక్సైడ్ రాసింది, తగ్గలేదు. మెడికల్ షాపతను యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చాడు. పది రోజులు వేసుకుంటే కణతల దాకా పాకాయి. అప్పుడు కొత్తపేటలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన భూతద్దంతో చూసి మూడే ప్రశ్నలు అడిగారు. దురద ఉందా? చెమట పడితే ఎక్కువవుతుందా? తలకి నూనె రాస్తావా? మూడింటికీ అవుననే చెప్పింది. "ఇవి మొటిమలు కాదమ్మా, ఫంగస్" అన్నారు. మలసీజియా అనే ఈస్ట్ అందరి చర్మం మీదా ఉంటుందట. చర్మం మీద వచ్చే జిడ్డు, మనం రాసే నూనెల్లోని కొవ్వు దానికి తిండి. వెచ్చగా, తడిగా, గాలాడకుండా ఉంటే వెంట్రుక మొదళ్లలో పెరిగి ఇలా పొక్కులవుతుంది. యాంటీబయాటిక్ వేసుకుంటే దానికి పోటీగా ఉన్న బ్యాక్టీరియా చచ్చి, దీనికి ఇంకా చోటు దొరుకుతుంది. మాత్రలు వేసుకున్నాక పెరగడానికి కారణం అదే.

తేడా ఎలా తెలుస్తుందో కూడా ఆయనే చూపించారు. మా అమ్మాయి గడ్డం మీద ఉన్నవి అసలు మొటిమలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో నల్ల తలలు, తెల్ల తలలు, నొక్కితే నొప్పి. నుదుటి మీద ఉన్నవన్నీ అచ్చులో పోసినట్టు ఒకే సైజు, నల్ల తల ఒక్కటీ లేదు, నొప్పి కన్నా దురద ఎక్కువ.

"జెల్లీ డబ్బా మీద చర్మ రంధ్రాలు మూయదని రాసుంది కదా సార్" అని అడిగాను. ఆయన నవ్వి, "అది జెల్లీ గురించే చెప్పింది, దాని కింద ఏముందో డబ్బాకేం తెలుసు?" అన్నారు. జెల్లీ రంధ్రాల్లోకి దిగేది కాదు, ఈస్ట్‌కి తిండి కూడా కాదు. కానీ పొడి చర్మం మీద మూత పెడితే నీరు నిలుస్తుంది. జిడ్డు చర్మం మీద పెడితే నీటితో పాటు జిడ్డు, చెమట, రాలాల్సిన చచ్చిన కణాలు, అంతకు ముందు రాసిన క్రీములు, అన్నీ పొద్దుటిదాకా అక్కడే ఉడుకుతాయి. నాకు 46 ఏళ్లకి జిడ్డు తయారవడమే తగ్గిపోయింది కాబట్టి మూత పనికొచ్చింది. తనకి 19, నుదుటి మీద ఎప్పుడూ జిడ్డే.

జెల్లీ ఆపించారు, నూనె నుదుటికి తగలకుండా చూసుకోమన్నారు. కీటోకోనజోల్ షాంపూ నురగని నుదుటి మీద ఐదు నిమిషాలు ఉంచి కడగమన్నారు, ఒక క్రీము ఇచ్చారు. ఐదు వారాలకి నుదురు నున్నగా అయింది. అడాపలీన్ మళ్లీ మొదలుపెట్టారు. జెల్లీని పూర్తిగా వదిలేయనక్కర్లేదన్నారు. మందు రాసే ముందు ముక్కు పక్కల, పెదాల మూలల్లో అగ్గిపుల్ల తలంత అద్దుకుంటే మందు అక్కడికి జారి మండకుండా ఆపుతుంది. ఇప్పుడు తను అంతవరకే వాడుతోంది.

వెళ్లేముందు ఆయన నన్ను కూడా ఒకటి అడిగారు, "మీరు కింద ఇంకేమన్నా క్రీము రాస్తున్నారా?" అని. లేదన్నాను. చాలామంది తెల్లబడటానికని షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుందట, దాని మీద ఇలా మూత పెడితే బలం ఇంకా పెరిగి చర్మం పల్చబడి ఎర్ర నరాలు తేలతాయని చెప్పారు. మా పక్కింటావిడ సరిగ్గా అలాంటి ట్యూబే ఏడాదిగా వాడుతోంది, పైగా నా బుగ్గలు చూసి జెల్లీ గురించి అడుగుతోంది. ఇంటికి రాగానే ముందు ఆవిడ తలుపు కొట్టాను.

ఇప్పుడు ఏప్రిల్. డబ్బా నా అద్దం దగ్గర్నుంచి మామయ్యగారి మంచం పక్కకి మారింది, ఆయన మడమలకి కాలంతో పనిలేదు.