27 న్యూటన్ మీటర్ల బండి, సాలూరు ఘాట్, జారిన క్లచ్: చాన్నాళ్లు వాడాక

ఈ 350 సీసీ బండి మీద ఇంత ఇష్టం పెరగడానికి కారణం దాని టార్క్. సాలూరు దాటి సుంకి వైపు ఘాట్ ఎక్కేటప్పుడు వెనక మనిషి కూర్చున్నా, క్యారియర్‌కు 25 కిలోల బియ్యం బస్తా కట్టినా, మూడో గేరులో నలభై స్పీడు మీద ఆయాసపడకుండా లాగుతుంది. మలుపు మలుపుకీ గేరు దించక్కర్లేదు.

షోరూం కాగితంలో రెండు అంకెలుంటాయి: 27 ఎన్ఎం 4000 ఆర్‌పీఎం దగ్గర, 20.2 బీహెచ్‌పీ 6100 దగ్గర. టార్క్ అంటే ఇంజను షాఫ్టును తిప్పే బలం. షాఫ్టుకు మీటరు పొడవు కడ్డీ బిగించి, దాని చివర రెండుముప్పావు కిలోల బరువు వేలాడదీస్తే ఎంత బలంతో తిప్పుతుందో, 27 ఎన్ఎం అంతే. ఆ బలంతో షాఫ్టు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో, అంటే ఆర్‌పీఎం ఎంతో కూడా లెక్కలోకి తీసుకుంటే వచ్చేది హార్స్‌పవర్. ఎన్ఎంను ఆర్‌పీఎంతో హెచ్చవేసి 7121తో భాగిస్తే బీహెచ్‌పీ వస్తుంది. 27 × 4000 ÷ 7121 అంటే 15 చిల్లర. 6100 దగ్గర టార్క్ 23.6కు పడిపోతుంది, అయినా తిరిగే వేగం పెరిగింది కాబట్టి పవర్ 20 దాటుతుంది.

25 బీహెచ్‌పీ దాకా ఇచ్చే 200 సీసీ బళ్లున్నాయి. వాటి టార్క్ 19 ఎన్ఎం ప్రాంతంలో, అదీ 8000 ఆర్‌పీఎం దగ్గర. 4000 దగ్గర అలాంటి బండి ఇవ్వగలిగేది 11 బీహెచ్‌పీ లోపే. అందుకే ఎక్కువ పవర్ ఉన్న బండి కూడా అదే ఎత్తులో గేరు దించమంటుంది. అయితే దాన్ని దించి 8000 దగ్గర తిప్పితే మన బండిని దాటి పోతుంది, ఎందుకంటే చక్రానికి చేరే టార్క్‌ను గేరు పెంచుతుంది. పవర్‌ను మాత్రం ఏ గేరూ పెంచలేదు.

అసలు చెప్పాల్సింది క్లచ్ సంగతి. ఒక సర్వీసింగ్ తర్వాత బండి ఘాట్‌లో డీలా పడింది. ఊళ్లో ఏ తేడా లేదు. మొదటి, రెండో గేర్లలో మామూలుగానే ఉంది. నాలుగు, ఐదు గేర్లలో యాభై మీద యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే ఇంజను మోత పెరుగుతోంది, స్పీడు పెరగడం లేదు. ఇంజను పుట్టించిన టార్క్ చక్రందాకా చేరడం లేదన్నమాట. క్లచ్ ప్లేట్లు పట్టి ఉంచగలిగే టార్క్‌కు ఒక హద్దుంది. జారుడు మొదలయ్యేది టార్క్ ఎక్కువగా ఉండే 4000 చుట్టుపక్కలే కానీ, పవర్ ఎక్కువగా ఉండే 6100 దగ్గర కాదు. చిన్న గేర్లలో ఇంజను ఆ చోటును చటుక్కున దాటేస్తుంది, పైగా టార్క్‌లో కొంత ఫ్లైవీలును వేగం పెంచడానికే పోతుంది. కాబట్టి పెద్ద గేరులో, ఎత్తులోనే దొరికిపోతుంది.

"ప్లేట్లు పోనాయి బాబూ, మార్చీయాల" అన్నాడు మెకానిక్. ముందు చూడాల్సింది కేబుల్. లివర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల లూజు ఉండాలి, లేకపోతే ప్లేట్లు పూర్తిగా బిగియవు. అది సరిగ్గానే ఉంది. తేడా ఆయిల్‌లో తేలింది. పోసిన డబ్బా మీద, ఆయిల్ రకాన్ని చెప్పే జాసో గుర్తు ఎంఏ2 బదులు ఎంబీ అని ఉంది. ఎంబీ ఆయిల్ గేర్లు లేని స్కూటర్లకు. వాటి క్లచ్ ఆయిల్లో మునగదు కాబట్టి రాపిడి తగ్గినా ఇబ్బంది లేదు. మన బండి ప్లేట్లు ఆయిల్లోనే తిరుగుతాయి, వాటికి రాపిడే ప్రాణం.

ఆయిల్ వేడిగా ఉండగానే దించి, ఫిల్టర్ మార్చి, 15డబ్ల్యూ-50 ఎంఏ2 పోయించాలి. కొన్ని వందల కిలోమీటర్లకు మళ్లీ ఒకసారి మారిస్తే ప్లేట్లలో మిగిలిన పాత ఆయిల్ కూడా పోతుంది. ఈ బండికి అంతటితో సరిపోయింది. అదే జారుడుతో ఇంకొన్నాళ్లు నడిపి ఉంటే స్టీలు ప్లేట్లు నీలం తిరిగి, సెట్టంతా మార్చాల్సి వచ్చేది.

టార్క్ ఉంది కదా అని ఐదో గేరులో ముప్ఫైతో ఎత్తు ఎక్కించకూడదు. 27 ఎన్ఎం వచ్చేది 4000 దగ్గర, 1500 దగ్గర కాదు. అక్కడ బండి కుదుపుతుంది, టక్‌టక్‌మని కొట్టుకుంటుంది, చైను, హబ్ రబ్బర్లు త్వరగా అరుగుతాయి. ఆ చప్పుడు వినగానే గేరు దించడమే.

గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా బరువుతో తిరిగే నాలాంటివాళ్లకు ఈ బండి బాగా కుదిరింది. రోజూ శ్రీకాకుళం నుంచి విశాఖకు హైవే మీద తొంభై దాటి పోయేవాళ్లకైతే పైన పవర్ చాలదనిపిస్తుంది, వాళ్లు 6100 పక్కన రాసిన అంకెనే ముందు చూసుకోవాలి.