కలర్ క్యాచర్ షీట్లు: రెండేళ్లు వాడాక, ఒక ఎర్ర పంచెతో దెబ్బ తిన్నాక

ఒక బట్ట రంగు ఇంకోదానికి అంటకుండా వాషింగ్ మెషిన్లో వేసే కలర్ క్యాచర్ షీట్లు పనిచేస్తాయా అని అపార్ట్‌మెంట్లో ఎవరడిగినా పనిచేస్తాయనే చెబుతాను. కాకపోతే పెట్టె మీద బొమ్మ చూపించినంత కాదు. పైగా అవి పనిచేశాయని మనం దేన్ని చూసి మురిసిపోతామో, ఆ గుర్తే నమ్మదగ్గది కాదు. మెషిన్ తలుపు తీయగానే తెల్లగా వేసిన షీటు గులాబీ రంగులో కనిపిస్తుంది. "అమ్మో, ఇదంతా నా బట్టలకు అంటేదన్నమాట" అనుకుంటాం. అంటేదో లేదో ఆ షీటు చెప్పలేదు.

ఎందుకంటే ఆ షీటు మామూలు గుడ్డ కాదు. నూలుజాతి పీచుతో చేసిన పల్చటి గుడ్డకు ధనావేశం ఉండే రసాయనం పట్టించి తయారుచేస్తారు. నూలు బట్టలకు వేసే రంగుల్లో ఎక్కువ భాగం నీళ్లలో కరిగినప్పుడు రుణావేశంతో ఉంటాయి. కాబట్టి నీళ్లలో తేలే రంగు మీ చొక్కాకన్నా ముందు షీటునే పట్టుకుంటుంది. చొక్కాకు ఎప్పటికీ అంటని కాస్తంత రంగును కూడా అది లాగేస్తుంది. అందుకే షీటు రంగు తేలినంత మాత్రాన పెద్ద ప్రమాదం తప్పిందని కాదు. అసలు తేడా తెలియాలంటే షీటు వేసిన నీళ్లలోనూ, వేయని నీళ్లలోనూ ఒకేలాంటి తెల్లగుడ్డ వేసి చూడాలి.

నేను అదే చేశాను. కొత్త ఎర్ర కాటన్ లంగా ఒకటి గోరువెచ్చటి సబ్బు నీళ్లలో అరగంట నానబెట్టి, ఎర్రగా దిగిన ఆ నీళ్లను రెండు బకెట్లలో సమానంగా పోశాను. పాత తెల్లపంచె చింపి ఒక్కో బకెట్లో ఒక్కో ముక్క వేశాను. ఒకదాంట్లో మాత్రం షీటు కూడా పడేశాను. మధ్యమధ్యలో కర్రతో తిప్పుతూ ముప్పావుగంట ఉంచి జాడించి ఆరేస్తే, షీటు లేని బకెట్లోని ముక్క చక్కగా గులాబీ రంగు తేలింది. షీటు ఉన్నదాంట్లో ముక్కకు రంగు పట్టలేదని అనలేను. పక్కన అసలైన తెల్లగుడ్డ పెట్టి చూస్తే లేత ఛాయ తెలుస్తోంది, విడిగా చూస్తే తెలియదు. షీటు మాత్రం దానిమ్మ గింజలా ఎర్రబడింది. నా లెక్కలో ఈ షీటు విలువ అంతే: పెద్ద మరకను చిన్న మరక చేస్తుంది. నీళ్లలో రంగు మరీ ఎక్కువైతే షీటు నిండిపోతుంది, ఆ తర్వాత దిగే రంగు బట్టలదే. కొత్త ఎర్రబట్ట మొదటి ఉతుకులో తెల్లవి కలిపేసి, షీటు ఉంది కదా అని ధీమాగా ఉండటం కుదరదు.

ఇది అసలు ఆపలేని మరకలు కూడా ఉన్నాయి. షీటు పట్టేది నీళ్లలో కరిగి తిరిగే రంగును మాత్రమే. ఉతుకు అయిపోయాక తడి ఎర్రబట్ట తెల్లదాన్ని అతుక్కుని గంటల తరబడి డ్రమ్ములో పడి ఉంటే, రంగు బట్ట నుంచి బట్టకే పోతుంది. మధ్యలో షీటుకు పనే లేదు. కరెంటు పోయి మెషిన్ ఆగిపోయిన రోజున మా ఇంట్లో ఒక దిండు గలేబుకు అలాగే అయింది. ఆ మరక చూడగానే తెలుస్తుంది, అంచులతో, మడత గీతలతో మచ్చలు మచ్చలుగా ఉంటుంది. నీళ్ల వల్ల అంటిన రంగైతే బట్టంతా ఒకేలా లేతగా పరుచుకుంటుంది. ఇక రాపిడికి రాలే రంగులు వేరే సంగతి. చేనేత ఎరుపుల్లో కొన్నిటికి వేసే నాఫ్తాల్ రంగు నీళ్లలో కరగదు, సరిగ్గా కడగకపోతే పొడిలా రాలుతుంది. దాని మీద షీటు ప్రభావం అంతంతే. తడి తెల్ల రుమాలుతో ఎర్రబట్ట లోపలి అంచును గట్టిగా రుద్దితే ఆ రకం వెంటనే పట్టుబడుతుంది.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. మా ఆయన భవానీ దీక్ష తీసుకుంటారు. దీక్షలో ఉన్నన్నాళ్లూ ఆ ఎర్రబట్టలు విడిగా, బకెట్లో, చన్నీళ్లతోనే ఉతకడం మా ఇంట్లో నియమం. మండలం పాటు రోజూ నీళ్లలో పడ్డ పంచెలో ఇంకేం రంగు మిగులుతుందని ఎవరైనా అనుకుంటారు. విరమణ అయ్యాక ఆ పంచె రాత్రిపూట కట్టుకునే లుంగీ అయింది, ఒకరోజు మామూలు ఉతుకులో మెషిన్లోకి చేరింది. 40 డిగ్రీల వేడి, గంటన్నర తిప్పుడు. పిల్లాడి శనివారం తెల్ల యూనిఫారం చొక్కా, మా మామయ్యగారి పొందూరు ఖద్దరు చొక్కా రెండూ గులాబీ రంగుతో బయటకొచ్చాయి. షీటు వేసే ఉంది, అదీ ఎర్రబడింది. చవక ఎర్రబట్టల్లో దారానికి గట్టిగా పట్టని రంగు చాలా ఉండిపోతుంది. చన్నీళ్లలో అది మెల్లగా, కొద్దికొద్దిగా దిగుతుంది. వేడి తగిలి, సబ్బుతో గంటకు పైగా తిరిగితే ఒక్కసారి వదులుతుంది. బకెట్లో నీళ్లు తేటగా ఉన్నాయని మెషిన్‌కు అప్పగించే ధైర్యం చేయకూడదు.

అప్పుడు మేం చేసింది వరసగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ వరసే ముఖ్యం. ముందు ఎర్రదాన్ని తీసి పక్కన పడేసి, మరకైన వాటిని ఆరేయకుండా తడిగానే ఉంచాం. ఎండ, ఇస్త్రీ తగిలితే వదిలించడం కష్టమవుతుంది. మళ్లీ సబ్బు పొడితో, కొత్త షీటుతో, ఆ రెండింటినే 40 డిగ్రీల్లో ఉతికాం. ఇక్కడ షీటు నిజంగా అక్కరకొస్తుంది: తెల్లబట్ట నుంచి వదిలిన రంగు తిరిగి దానికే పట్టకుండా మధ్యలో అందుకుంటుంది. దారంలోకి దిగిన మరకను మాత్రం షీటు లాగలేదు.

ఆ ఉతుకులోనే పిల్లాడి చొక్కా సగం తేరుకుంది. అది టెర్రికాటన్, దాంట్లో పాలియెస్టర్ పోగుకు ఈ రంగు పట్టదు, నూలు పోగుకే పట్టింది. మిగతాది ఆక్సిజన్ బ్లీచ్‌తో పోయింది. డబ్బా వెనక సోడియం పర్‌కార్బొనేట్ అని రాసి ఉండే మరకల పొడి తీసుకోండి. చెయ్యి ఎక్కువసేపు పెట్టలేనంత వేడి నీళ్లు, అంటే 50 డిగ్రీల చుట్టుపక్కల, 5 లీటర్లకు రెండు పెద్ద చెంచాల పొడి. పొడి మొత్తం కరిగాకే బట్ట వేయాలి, పైకి తేలకుండా ఒక పళ్లెం బోర్లించాలి, నాలుగైదు గంటలు వదిలేయాలి. చల్లటి నీళ్లలో వేసి పొడి పనికిరాదని తిట్టేవాళ్లను చూశాను, అది వేడితోనే చురుగ్గా పనిచేస్తుంది. చొక్కా రంగు ఇంకా తగ్గుతూ ఉంటే కొత్త నీళ్లు, కొత్త పొడితో మళ్లీ నానబెట్టాలి. పాత నీళ్లలో రాత్రంతా ఉంచినా లాభం లేదు, దాని శక్తి అప్పటికే అయిపోతుంది. పట్టు, ఉన్ని బట్టల జోలికి ఈ పొడితో వెళ్లకండి.

ఖద్దరు చొక్కా అంత తేలిగ్గా లొంగలేదు. పూర్తి నూలు, చేత్తో వడికిన దారం, రంగును బాగా తాగేసింది. రెండోసారి నానబెట్టాక కూడా కాలర్ మడతలో, జేబు కుట్లలో గులాబీ ఛాయ కనిపిస్తూనే ఉంది. అప్పుడు మా ఊళ్లో వన్ టౌన్ వైపు రంగులు అమ్మే కొట్లో దొరికే హైడ్రోస్ అనే పొడి తెచ్చాం. అదే సోడియం హైడ్రోసల్ఫైట్. ఆక్సిజన్ బ్లీచ్ రంగును ఆక్సీకరించి పోగొడితే, ఇది దానికి ఎదురు పద్ధతిలో రంగు అణువునే విరగ్గొడుతుంది. స్టీలు బేసిన్లో 60 డిగ్రీల నీళ్లు పోసి, చిటికెడు వాషింగ్ సోడా కలిపి, లీటరుకు ఒక చిన్న చెంచా లెక్కన హైడ్రోస్ చల్లి చొక్కా ముంచాం. కళ్ల ముందే రంగు పోయింది, పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు. జేబు కుట్టు దగ్గర గీతలా మిగిలిన గులాబీ ముందు బూడిదరంగుకు తిరిగి, తర్వాత మాయమవడం చూడాల్సిందే.

కానీ ఇది ఇష్టం వచ్చినట్టు వాడే సరుకు కాదు. కాలిన గంధకం వాసన ముక్కుకు కొడుతుంది, బాల్కనీలోనే చేయాలి, చేతికి గ్లవ్స్ ఉండాలి. పొడిని నీళ్లలో వేయాలి గానీ పొడి మీద నీళ్లు పోయకూడదు, కాస్త తడి తగిలినా అది వేడెక్కి మంట పుట్టే ప్రమాదం ఉంది. మా ఊరి సముద్రపు ఉప్పుగాలికి డబ్బా మూత వదులుగా ఉంటే ఆ పొడి పాడవుతుంది కూడా, అందుకే చిన్న పొట్లమే కొనండి. బ్లీచింగ్ లిక్విడ్, మరకల పొడి, వెనిగర్, వీటిలో దేనితోనూ కలపకూడదు. ఆక్సిజన్ బ్లీచ్ వాడిన బట్టైతే ముందు బాగా జాడించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇది మంచి రంగు, చెడ్డ రంగు అని చూడదు. రంగంచు పంచె, బొమ్మల చొక్కా, జరీ ఉన్నది దేన్నీ ఇందులో ముంచకండి. మామయ్యగారి చొక్కాకు అంచు గానీ ఎంబ్రాయిడరీ గానీ లేవు కాబట్టి సరిపోయింది.

"రంగు పోకుండా కల్లుప్పు వేసి నానబెట్టవే" అని మా అత్తయ్య ఎప్పుడూ అంటారు. ఉప్పు వేస్తే నీళ్లు తేటగా కనిపించే మాట నిజమే. నూలుకు రంగు పట్టించేటప్పుడు రంగు తొట్టెలో ఉప్పు వేసేది కూడా అందుకే, నీళ్లలో ఉన్న రంగును అది దారంలోకి తోస్తుంది. అంటే ఆ బకెట్లో తెల్లబట్ట ఉంటే దాని మీదికి కూడా తోస్తుంది. ఒంటరిగా ఎర్రబట్టకు ఉప్పు వేస్తే నష్టం లేదు, కానీ రంగు నిలబడిపోయిందని అనుకోకండి, తర్వాతి మంచినీళ్లలో మళ్లీ దిగుతుంది. గులాబీ ఛాయ కనిపించకుండా నీలిమందు పెట్టడం ఇంకో అలవాటు. తెల్లబట్టకు నీలం అందం, గులాబీ మీద నీలం పెడితే తేలేది వంకాయ రంగు. మరక పూర్తిగా పోయాకే నీలిమందు.

షీట్ల ఖరీదు విషయానికి వస్తే, నేను కొన్నప్పుడు ఒక్కోటి 20 రూపాయలు దాటింది, ఒక్కసారే పనికొస్తుంది. ప్రతి ఉతుకులో వేయడం డబ్బు దండగ. తెల్లవన్నీ విడిగా వేసే ఇంట్లో అయితే అసలు కొనక్కర్లేదు. నేను వాడేది రెండు చోట్లే. కొత్త ముదురు రంగు బట్ట బకెట్లో గోరువెచ్చటి నీళ్లతో కొన్నిసార్లు ఉతికాక, మొదటిసారి మెషిన్లోకి వెళ్లే రోజున ఒకటి. తెలుపు, ఎరుపు చారలు కలిసి ఉన్న బట్టలకు ఒకటి, వాటిని విడదీసి ఉతకలేం కదా. వాడేటప్పుడు షీటును డ్రమ్ములో అడుగున వేసి పైన బట్టలు వేస్తాను, లేదంటే తలుపు రబ్బరు మడతలో ఇరుక్కుని పొడిగానే బయటికొస్తుంది. ట్విన్ టబ్ మెషిన్ ఉన్నవాళ్లు సబ్బు నీళ్లు వదిలేశాక జాడింపు నీళ్లలోకి కూడా అదే షీటు మార్చాలి, ఎర్రబట్టను స్పిన్నర్లో మాత్రం ఒక్కదాన్నే తిప్పాలి. అక్కడ తడి బట్టలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, షీటు అడ్డుపడలేదు.

దిండు గలేబు మీద మచ్చ మాత్రం ఆక్సిజన్ బ్లీచ్‌కు సగమే తగ్గింది. పూల ప్రింటు ఉంది కాబట్టి హైడ్రోస్ పెట్టలేదు. దాన్ని వంటగదిలో పెనం తుడిచే గుడ్డ చేసేశాను.