చింతగింజల చిట్టీ: రెండు ఎండాకాలాలు ఆడాక

మిర్యాలగూడలో మా ఇంట్లో పాత క్యాలెండర్ వెనక గీసుకున్న ఆట ఇది. గింజ అంటే వంద రూపాయలు, ఒక చుట్టు అంటే నెల. జీతం, కిరాయి, ఆఫర్ కార్డులు మామూలే. నాకు నచ్చింది చిట్టీ పాట ఒక్కటే.

నలుగురు పిల్లలు, నెలకు తలా పది గింజలు, నాలుగు నెలల చిట్టీ. కుప్ప నలభై. మొదటి నెలలోనే మావాడు ఇరుక్కున్నాడు. ఖర్చులన్నీ పోను చేతిలో ఇరవై ఐదు గింజలుంటే, ఆఫర్ కార్డు రాగానే ఇరవై రెండు పెట్టి బూట్లు కొన్నాడు. వెంటనే ఆసుపత్రి కార్డు పడింది, ఇరవై నాలుగు కట్టాలి. బూట్లు కొనకపోతే సరిపోయేవి. ఇక చిట్టీ ఎత్తుకోవాల్సిందే. వాడు ఐదు తగ్గించి పాడితే, వాళ్ళ అక్క అవసరం లేకున్నా ఎనిమిది అంది. పన్నెండు దాకా లాగి వదిలేసింది. కుప్పలోంచి పన్నెండు గింజలు తీసి మిగతా ముగ్గురికీ తలా నాలుగు పంచుతుంటే వాడి మొహం చూడాలి! (బయటి చిట్టీల్లో పాడుకున్నవాడికీ వాటా వస్తుంది, మేం సులువు కోసం తీసేశాం.) వాడికి వచ్చినవి ఇరవై ఎనిమిది, నాలుగు నెలల్లో కట్టేవి నలభై. "అంటే బూట్లు ముప్పై నాలుగు పడ్డయా?" అని వాడే లెక్క తేల్చాడు. నేను నోరు విప్పలేదు.

అప్పట్లో కనిపించినవాళ్ళందరికీ ఈ ఆట గురించి చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

అక్క ప్రతిసారీ చివరిదాకా ఆగి నిండు కుప్ప ఎత్తుకునేది. ఓపికపడితే గెలుపు ఖాయం అన్నట్టు తయారైంది. అసలు చిట్టీలు అలా ఉండవు కదా అని ఈ ఎండాకాలం ఒక కార్డు కలిపాను: "చిట్టీ పెట్టినామె ఊరు విడిచిపోయింది." ఎత్తుకోనివాళ్ళు కట్టినవన్నీ పోయినట్టే. మూడో నెలలో ఆ కార్డు పడింది. అక్కవి ముప్పై గింజలు మునిగాయి. ముందే ఎత్తుకున్న తమ్ముడు గంతులేశాడు. "సూసినవా అమ్మా, ముందు ఎత్తుకున్నోడే హుషారు!"

వాడన్నది తప్పని ఎలా చెప్పను? మా వాడకట్టులో అలా మునిగినవాళ్ళు ఉన్నారు. కార్డు తీసేస్తే అబద్ధం నేర్పినట్టు, ఉంచితే అప్పు చేసినవాడే తెలివైనవాడన్నట్టు. చివరికి ఉంచాను, ఇంకోటి కలిపాను: ఆట మొదట్లో రెండు గింజలు ఎక్కువ కట్టి, రిజిస్ట్రేషన్ ఉన్న చిట్టీలో చేరొచ్చు. అక్క కడుతోంది. తమ్ముడు ఇంకా కట్టడం లేదు.

మా ఇంట్లో పిల్లలు పదమూడు, పదిహేనేళ్ళవాళ్ళు, సెలవుల్లో నలుగురూ దొరుకుతారు కాబట్టి నడిచింది. ఇద్దరే ఉంటే పాట రక్తి కట్టదు. ఇంటర్‌కి వచ్చిన మా మరిది కొడుకు ఒక్కరోజు ఆడి ఫోన్ పట్టుకుని లేచిపోయాడు.