పన్నెండేళ్ల పిల్లలకు కానుక: టెలిస్కోపా, బైనాక్యులరా, ఫోల్డ్‌స్కోపా?

పన్నెండేళ్లు నిండే పిల్లలకు పుట్టినరోజు కానుక కొనడం పెద్దలకు చిక్కే. రిమోట్ కారు ఇస్తే మొహమాటానికి నవ్వి, మరుసటి రోజే తమ్ముడికి ఇచ్చేస్తారు. ఫోను కొనిస్తామంటే అమ్మానాన్నలు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. బట్టలు అసలు కానుక కిందికే రావని ఆ వయసువాళ్ల గట్టి నమ్మకం. అందుకే ఆటవస్తువుల వైపు వెళ్లకుండా, పెద్దవాళ్లు కూడా వాడే అసలైన పరికరం ఏదైనా ఇవ్వడం నాకు నచ్చిన దారి. ఆకాశం మీదో పురుగుల మీదో కాస్త ఆసక్తి ఉన్న పిల్లలకైతే మూడు వస్తువులు పోటీకి వస్తాయి: టెలిస్కోపు, బైనాక్యులర్, కాగితం మడిచి తయారుచేసుకునే ఫోల్డ్‌స్కోప్ అనే మైక్రోస్కోపు. నా ఓటు బైనాక్యులర్‌కు. ఎందుకో తెలియాలంటే ముందు టెలిస్కోపు పెట్టె మీది అంకెల సంగతి తేల్చాలి.

తక్కువ ధర టెలిస్కోపుల పెట్టెల మీద ‘525 రెట్లు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ లెక్క అబద్ధమేమీ కాదు. ముందున్న లెన్స్ నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు, కన్ను పెట్టే చోట బిగించే ఐపీస్ 4 మిల్లీమీటర్లది. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే 175. మధ్యలో మూడు రెట్లు పెంచే బార్లో లెన్స్ కూడా పెడితే 525. అంకగణితం సరిపోయింది, వెలుతురు మాత్రం సరిపోదు. ముందు లెన్స్ వ్యాసం 60 మిల్లీమీటర్లే. ఎంత మంచి లెన్స్ అయినా, వ్యాసంలో ఒక్కో మిల్లీమీటరుకు సుమారు రెండు రెట్లకు మించి పెంచితే బొమ్మ పెద్దదవుతుందే తప్ప కొత్త వివరం కనబడదు. ఆ లెక్కన ఈ గొట్టం హద్దు 120. దాన్ని 525 దాకా లాగితే గురుగ్రహం మసక మరకగా మిగులుతుంది.

ఇంకో ఇబ్బంది పెట్టె మీద రాయరు. భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతున్నట్టు కనబడుతుంది. 175 రెట్ల దగ్గర ఐపీస్‌లో కనబడే ఆకాశం ముక్క పావు డిగ్రీకి కాస్త ఎక్కువ. అంటే గ్రహం ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నిమిషం పైచిలుకులో దాటిపోతుంది. దాంతోపాటు వచ్చే సన్నకాళ్ల ట్రైపాడ్‌ను వేలితో తాకితే చాలు, బొమ్మ కొన్ని క్షణాలపాటు వణుకుతూనే ఉంటుంది. అక్క చూసి పక్కకు జరిగి తమ్ముడు కన్ను పెట్టేసరికి శనిగ్రహం వెళ్లిపోయి ఉంటుంది. నాలుగు రాత్రులు ఇలా గడిస్తే ఐదో రాత్రికి ఆ గొట్టం బీరువా పైకి చేరుతుంది.

అయితే అదే టెలిస్కోపులో 20 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి 35 రెట్లతో చూస్తే న్యాయంగా పనిచేస్తుంది. చంద్రుడి గుంటలు చక్కగా కనబడతాయి. అది కూడా పౌర్ణమినాడు కాదు, శుక్లపక్షంలో షష్ఠి నుంచి దశమి లోపల. వెలుగు, చీకటి కలిసే గీత పక్కన నీడలు పొడుగ్గా పడతాయి కాబట్టి గుంటలు లోతుగా తెలుస్తాయి. శని వలయం కూడా చిన్నగా కనబడుతుంది. 2025 మార్చిలో ఆ వలయం మనకు సరిగ్గా అంచు తిప్పింది. అక్కడి నుంచి ఏటేటా కొద్దికొద్దిగా విచ్చుకుంటూ 2032 ప్రాంతానికి బాగా వెడల్పుగా కనబడుతుంది. ఈ ఒక్క దృశ్యం బైనాక్యులర్ చూపించలేదు.

మిగతా అన్నిటిలో బైనాక్యులర్‌దే పైచేయి. దాన్ని బిగించే పని లేదు. మెడలో వేసుకుని మేడ ఎక్కితే చాలు. కృత్తికలు మామూలు కంటికి ఆరు చుక్కలు, ఇందులో డజన్ల కొద్దీ. గెలీలియో 1610 జనవరిలో కనిపెట్టిన గురుగ్రహపు నాలుగు చందమామలను మోచేతులు పిట్టగోడకు ఆనించి చూస్తే సన్నటి చుక్కల్లా పట్టుకోవచ్చు. తెల్లారితే టెలిస్కోపుకు పని ఉండదు, బైనాక్యులర్‌కు అప్పుడే అసలు పని మొదలవుతుంది. కరెంటు తీగ మీద వాలిన పాలపిట్ట, చెరువు గట్టున లకుముకి పిట్ట, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులు. పట్నంలో ఆకాశం దీపాల వెలుగుకు తెల్లబారి ఉంటుంది కాబట్టి ఈ పగటి పనే ఎక్కువ అక్కరకు వస్తుంది.

ఏ కొలత కొనాలి? దాని మీద 8×40 అని ఉంటే ఎనిమిది రెట్లు, ముందు లెన్స్ వ్యాసం 40 మిల్లీమీటర్లు అని అర్థం. నక్షత్రాలకు 10×50 మేలంటారు, నిజమే. కానీ అది కిలోకు దగ్గరగా తూగుతుంది. పన్నెండేళ్ల చేతులు రెండు నిమిషాల్లో దిగిపోతాయి, పది రెట్ల దగ్గర ఆ వణుకు కూడా పది రెట్లు కనబడుతుంది. పిల్లలకు 8×40, 8×42, లేదంటే 7×35 సరైనవి. రెట్లు మార్చుకునే జూమ్ రకం, ఎర్రగా మెరిసే లెన్సుల రకం తీసుకోకండి. ఎర్ర పూత చూడ్డానికి దర్జాగా ఉంటుంది, లోపల రంగులన్నీ తేడాగా వస్తాయి.

దుకాణంలో తప్పక చూడవలసినవి రెండు. మొదటిది, కళ్ల మధ్య దూరం. పెద్దవాళ్ల కొలతకు చేసిన చాలా బైనాక్యులర్లు సుమారు 56 మిల్లీమీటర్ల కంటే దగ్గరకు మడవబడవు. కొందరు పిల్లల కళ్ల మధ్య అంత దూరం ఉండదు. అప్పుడు ఎంత సర్దినా రెండు వలయాలు కలిసి ఒకటి కావు, పిల్లలు ఒంటి కన్నుతో చూడటం మొదలుపెడతారు. అందుకే ఆశ్చర్యపరుద్దామన్న సరదా మానుకుని వాళ్లను వెంట తీసుకెళ్లడమే నయం. రెండోది, దూరంగా ఉన్న సెల్ టవర్‌నో నీళ్ల ట్యాంకునో చూడటం. కాసేపటికి అది రెండుగా విడిపోయినట్టు అనిపిస్తే, తల భారంగా అనిపిస్తే, లోపలి పట్టకాలు వరస తప్పాయని గుర్తు. అది ఇంట్లో సరిచేసుకునేది కాదు, వేరేది అడగండి.

ఇచ్చేటప్పుడే ఒక మాట గట్టిగా చెప్పాలి: వీటిలో దేనితోనూ సూర్యుణ్ణి చూడకూడదు. ఒక్క క్షణం చాలు చూపు పోవడానికి. కొన్ని టెలిస్కోపులతో ఐపీస్‌కు బిగించే నల్ల ఫిల్టర్ ఇస్తారు. అది వేడికి పగిలిపోవచ్చు. దాన్ని చెత్తబుట్టలో వేసి మరీ కానుక ఇవ్వండి.

ఫోల్డ్‌స్కోప్ సంగతి వేరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన ఈ కాగితపు మైక్రోస్కోపు సుమారు 140 రెట్లు చూపిస్తుంది, ధరలో మూడింటిలోకీ తక్కువ. ఉల్లిపొర కణాలు, చెరువు నీటిలో ఈదే సూక్ష్మజీవులు కనబడతాయి. ఓర్పు మాత్రం కావాలి. మడవడానికే ఓ పూట పడుతుంది, ఫోకస్ కుదరడానికి వేళ్లు అలవాటు పడాలి. ఒకచోట కూర్చోలేని పిల్లవాడికి ఇది శిక్ష. పుట్టినరోజు జూలై, ఆగస్టుల్లో వచ్చే నెమ్మదస్తురాలైన అమ్మాయికి మాత్రం నేను దీన్నే ముందు కొంటాను. అప్పుడు ఆకాశం ఎలాగూ మబ్బులతో మూసుకుని ఉంటుంది, చూడటానికి నీటి గుంటలకు కొదవ ఉండదు.

టెలిస్కోపే కావాలని పట్టుబట్టే పిల్లలూ ఉంటారు. పక్కన కూర్చునే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, డబ్బు కూడా అందుకు తగ్గట్టు పెట్టగలిగితే, సన్నటి గొట్టం వద్దు. 114 లేదా 130 మిల్లీమీటర్ల అద్దంతో, బల్ల మీద కూర్చునే డాబ్సోనియన్ రకం చూడండి. ట్రైపాడ్ ఉండదు కాబట్టి ఊగదు. బొమ్మ తలకిందులుగా కనబడుతుంది, ఆకాశంలో దానితో ఇబ్బంది లేదు. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే ఈ ఏడు బైనాక్యులర్ ఇచ్చి, వాళ్లు దాన్ని ఎన్నిసార్లు మేడ మీదికి తీసుకెళ్తున్నారో ఓ కంట కనిపెట్టండి. వచ్చే ఏడు ఏం కొనాలో అప్పుడు మీరు ఎవరినీ అడగనక్కర్లేదు.