పీచు భోజనమా, మెత్తటి భోజనమా? షుగర్‌తో కడుపు మందగించినవారికి ఏది మేలు

రాత్రి తొమ్మిదింటికి తిన్న ములక్కాడ పీచు తెల్లవారుజామున ఐదింటికి వాంతిలో అలాగే కనిపిస్తే, అది గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్న కడుపు తేలికపాటి భోజనాన్ని సుమారు నాలుగు గంటల్లో దాదాపు ఖాళీ చేసేస్తుంది. ఎనిమిది గంటలైనా అన్నం కదల్లేదంటే రుబ్బురోలు ఆగిందన్నమాట.

రుబ్బురోలు అనడం ఉత్త పోలిక కాదు. కడుపు కింది భాగం నిమిషానికి మూడుసార్లు బిగుసుకుంటూ తిన్నదాన్ని నలుపుతుంది. అది ఒకటి, రెండు మిల్లీమీటర్ల నలుసులుగా మారాకే కింది ద్వారం దాటి పేగులోకి వెళ్తుంది. ఈ పనిని నడిపేది వేగస్ నరమూ, కడుపు గోడలో లయ పుట్టించే కాజల్ కణాలూ. ఏళ్ళ తరబడి అదుపులో లేని షుగర్ ఈ రెంటినీ దెబ్బతీస్తుంది. అప్పుడు పైభాగం సరిగా సాగదు కాబట్టి నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. కింది భాగం నలపలేదు కాబట్టి తిన్నది అక్కడే పడి ఉంటుంది. దీన్నే గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. నరం దెబ్బతినకపోయినా, రక్తంలో షుగర్ బాగా పెరిగిన ఆ కాసేపు కూడా కడుపు నెమ్మదిస్తుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకి అందరూ చెప్పేది పీచు తినమని: మొలకలు, పచ్చి కీరా, జొన్నరొట్టె, ఆకుకూరలు. కడుపు బాగా పనిచేసేవారికి అది మంచి మాటే. ఈ జబ్బులో మాత్రం తిరగబడుతుంది. గట్టి పీచు నలగదు, కొన్నిసార్లు ఉండకట్టి దారికి అడ్డం పడుతుంది. నూనె ఎక్కువైన వేపుళ్ళూ కడుపును ఇంకా ఆలస్యం చేస్తాయి.

మరోవైపు జావ. ద్రవాలు నలగనక్కర్లేదు. కడుపు పైభాగం బిగువుకీ, కిందికి జారే బరువుకీ చాలావరకు అవే దిగిపోతాయి. ఘనపదార్థం కదలనివాళ్ళకి కూడా చోడి అంబలి, పలుచటి మజ్జిగ తరచుగా పడతాయి. కానీ మూడుపూటలా అంబలే తాగితే షుగర్ త్వరగా ఎగబాకుతుంది, మాంసకృత్తులు చాలవు, మనిషి చిక్కిపోతాడు.

అందుకని రెంటిలో ఒకటి ఎంచుకోమంటే మెత్తటి భోజనమే, కానీ జావ ఒక్కటే కాదు. తినేదాన్ని మార్చడం కంటే దాన్ని కడుపుకు బదులు వంటింట్లో నలపడం ముఖ్యం. మెత్తగా ఉడికిన అన్నం, పప్పు కలిపి గరిటెతో మెదపాలి. సొరకాయ తొక్కా గింజా తీసి ఉడికించి మెదపాలి. విశాఖలో చేపకు కొదవ లేదు, ముల్లు తీసి నూనె తక్కువతో పులుసు పెట్టి చిదుముకుంటే సరి. రెండు పెద్ద పూటల బదులు ఐదారు చిన్నవి. చాలామందికి పొద్దు గడిచేకొద్దీ కడుపులో బరువు పెరుగుతుంది కాబట్టి ఘనంగా ఉన్నది పగటిపూట, పలుచనిది రాత్రి. తిన్నాక ఓ గంటా రెండు గంటలు పడుకోకుండా, బీచ్ రోడ్డులో కాసేపు నడిచినా చాలు.

ఇక ఇన్సులిన్. గాజువాకలో పదహారేళ్ళుగా షుగర్ ఉన్న ఒకాయన రాత్రి తొమ్మిదింటికి త్వరగా పనిచేసే ఇన్సులిన్ వేసుకుని అన్నం, వంకాయ వేపుడు తిన్నాడనుకోండి. పదిన్నరకి చెమటలు, షుగర్ 62. సూది పనిచేస్తోంది, అన్నం ఇంకా కడుపులోనే ఉంది. రాత్రి రెండు గంటలకి 290, అన్నం ఇప్పుడు దిగింది, సూది బలం అయిపోయింది. తిన్న గంటన్నరకి పడిపోవడం, అర్ధరాత్రి దాటాక ఎగరడం పదేపదే కనిపిస్తే కడుపును అనుమానించాలి. ఇలాంటివారికి సూది తిన్న తర్వాత వేయడమో, రెండు భాగాలు చేయడమో డాక్టరు ఆలోచిస్తారు. సొంతంగా మార్చుకోకూడదు, ఆపేయడం మరీ ప్రమాదం.

నిర్ధారణకి ముందు ఎండోస్కోపీ, దారి పుండుతోనో గడ్డతోనో మూసుకుపోలేదని తేలాలి. తర్వాత కొద్దిపాటి రేడియో పదార్థం కలిపిన ఆహారంతో స్కానింగ్: నాలుగు గంటలకి పది శాతానికి మించి మిగిలితే ఆలస్యమే. ఆ రోజు షుగర్ 275 దాటి ఉంటే ఫలితాన్ని నమ్మడానికి లేదు. షుగర్‌కీ, బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లూటైడ్ రకం సూదులు తామే కడుపును నెమ్మదింపజేస్తాయి, వాడుతుంటే ముందే చెప్పాలి.

షుగర్ పడిపోయినప్పుడు కూడా ఇదే తేడా గుర్తుంచుకోవాలి. బిస్కెట్టు నలగాలి, ఆలస్యమవుతుంది. మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి తాగడం మేలు, పావుగంటకి మళ్ళీ చూసుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.