తప్పు ఫైలు వెళ్లినప్పుడు పంపే క్షమాపణ మెయిలు: 2022 నుంచి వాడుతున్న అనుభవం

కావలిలో ఇంటి నుంచే డిజైన్ పనులు చేస్తాను. ఎక్కువగా బియ్యం సంచులు, పచ్చళ్ల లేబుళ్లు. పాత ఫైలు పొరపాటున వెళ్లిపోయినప్పుడు పంపడానికి ఒక క్షమాపణ మెయిలు రాసి పెట్టుకున్నాను. ఇప్పటికి నాలుగుసార్లు అవసరం పడింది. మొదటిసారి రాసినది పనికిరాలేదు, ఇప్పుడున్న రూపం దాన్ని తిరగరాయగా వచ్చింది.

2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకంటే తక్కువ బరువున్న లేబుల్ వేసిన ప్యాకెట్ బియ్యంపై 5 శాతం జీఎస్‌టీ వచ్చింది. చాలా మిల్లులు 26 కిలోల సంచికి మారాయి. నెల్లూరు పక్కన ఒక మిల్లు యజమాని తన మొలగొలుకుల బియ్యం సంచి మీద కూడా అంకె మార్చమన్నారు. మార్చాను, ఆయన చూసి సరేనన్నారు. తీరా నేను పంపినది 25 కిలోల పాత ఫైలు. రెండు ఫైళ్ల పేర్లూ ఒకేలా మొదలై చివర్లో మాత్రమే తేడాగా ఉండేవి. ఫోనులో పేరు సగమే కనిపించింది. ఆయన దాన్ని అలాగే ప్రెస్సుకు పంపేశారు.

మర్నాడు పొద్దున చూసుకుని వణికిపోయాను. వెంటనే మెయిలు రాశాను. మొదటి రెండు పేరాలూ క్షమాపణే, ఇంట్లో ఇబ్బందులు కూడా చెప్పుకున్నాను. సరైన ఫైలు సంగతి మూడో పేరాలో వచ్చింది. ఆయన మధ్యాహ్నం ఫోను చేశారు. "తప్పు సంగతి తర్వాత చూద్దాంలే అమ్మా, ప్రెస్సు వాళ్లను ఆపమనాలా వద్దా, ముందు అది చెప్పు" అన్నారు. ఆలోపు ప్రెస్సులో అచ్చువేసే సిలిండర్ చెక్కేశారు.

ఇలాంటి సంచుల మీది ప్లాస్టిక్ పొరను, అంటే ఫిల్మును, చెక్కిన సిలిండర్లతో అచ్చువేసే గ్రావ్యూర్ పద్ధతిలో ముద్రిస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ ఉంటుంది. చెక్కిన అంకెను దిద్దడం కుదరదు, ఆ సిలిండర్‌ను మళ్లీ చేయాల్సిందే. బరువు అంకె నలుపులో మాత్రమే ఉంది కనుక నలుపు సిలిండర్ ఒక్కటే మార్చాల్సి వచ్చింది. అదే అంకె రెండు రంగులు కలిసిన పట్టీలో తెల్లగా ఉండి ఉంటే రెండు సిలిండర్లూ పోయేవి. ఆ ఒక్కదాని ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఈ లెక్క మొదటి మెయిల్లోనే రాసి ఉంటే ఆయనకు అంత కంగారు ఉండేది కాదు.

అప్పటి నుంచి మెయిలు ఇలా ఉంటోంది. విషయం దగ్గర: "ఆపండి: నిన్నటి సంచి ఫైలు వాడవద్దు". లోపల:

"నమస్కారమండీ. నిన్న నేను పంపిన ఫైలు పాతది, దానిలో బరువు 25 కిలోలని ఉంది. దయచేసి ప్రెస్సును ఇప్పుడే ఆపమనండి. సరైనది దీనితో పంపుతున్నాను, పేరు V5_26KG_FRONT.pdf. తెరవగానే కింద కుడి మూలన 26 కిలోలని కనిపించాలి. తేడా నలుపు రంగులోనే ఉంది. సిలిండర్ చెక్కేసి ఉంటే దాని ఖర్చు నాది. ఫైలు పేరు సరిగా చూసుకోకపోవడం నా తప్పు, క్షమించండి."

ఇందులో అన్నిటికంటే పనిచేసింది "కింద కుడి మూలన" అనే మాట. ఫైలు తెరిచిన వ్యక్తి, అతను ప్రెస్సు కుర్రవాడైనా సరే, ఒక్క చూపుతో సరిచూసుకుంటాడు. వెర్షన్ అంకెను పేరు మొదట్లో పెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. పాత పేరుతోనే కొత్త ఫైలు పంపితే, దించుకునేటప్పుడు పేరు చివర (1) చేరి రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి, ఏది కొత్తదో తెలియదు.

మెయిలు పంపేముందు చేయాల్సిన పని ఒకటుంది. జీమెయిల్లో 25 ఎంబీ దాటిన ఫైలు డ్రైవ్ లింకుగా వెళ్తుంది. సంచి ఫైళ్లు చాలావరకు అంతకంటే పెద్దవే. కొత్త లింకు పంపినా పాత లింకు తెరుచుకుంటూనే ఉంటుంది. రెండోసారి ఒక పచ్చళ్ల లేబుల్ విషయంలో ఇదే జరిగింది, ప్రెస్సువాళ్లు పాత మెయిలు వెతికి పాత ఫైలే దించుకున్నారు. అందుకే ఇప్పుడు ముందు పాత ఫైలును ఎవరూ తెరవకుండా చేసి, ఆ తర్వాతే మెయిలు పంపుతాను. పంపిన మెయిలును వెనక్కి తీసుకునే వీలు జీమెయిల్లో గరిష్ఠంగా 30 సెకన్లే, దాని మీద ఆశ పెట్టుకోలేం.

ఖర్చు వాక్యం దగ్గర జాగ్రత్త కావాలి. ఎన్ని సిలిండర్లు మారతాయో తేల్చుకోకుండా "మొత్తం నేనే భరిస్తాను" అని మూడోసారి రాసేశాను. ప్రెస్సు చెప్పిన మొత్తం ఆ పనికి నాకు వచ్చే డబ్బుకంటే ఎక్కువైంది. మాట ఇచ్చాను కనుక కట్టాను. ఇప్పుడు ఏది మారుతుందో దాని పేరు రాసి, అంతవరకే నాదంటాను.

అచ్చు మొదలైపోయిన రోజున ఈ మెయిలు చాలదు. నాలుగోసారి ఫిల్ము మిషను మీద ఉంది. ముందు యజమానికి ఫోను చేసి ఆపించి, ఆ తర్వాత ఇదే మెయిలు పంపాను. ఫోనులో చెప్పినదంతా ఆయన దగ్గర రాతపూర్వకంగా ఉండటానికి అప్పుడు పనికొచ్చింది.