నాలుగో తరగతి చదువు పరీక్ష కాగితం: ఐదేళ్లు వాడాక

చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే మా స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చేతికొచ్చిన ఒక్క కాగితం ఇది. ముందువైపు పిల్లలు చదవడానికి పెద్దక్షరాల్లో 112 పదాల కథ. వెనకవైపు టీచర్ కోసం అదే కథ. ప్రతి వరుస చివర అప్పటిదాకా ఎన్ని పదాలయ్యాయో అంకె వేసి ఉంటుంది. దాని కింద ఐదు ప్రశ్నలు, మార్కుల గడులు. బడులు మూతబడ్డ కాలం తీసేసినా ఐదేళ్లుగా నాలుగో తరగతి పిల్లలందరితోనూ దీన్ని చదివిస్తున్నాను. ఒక్కొక్కరికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఇరవై ఎనిమిది మంది ఉన్న ఏడాది మూడు రోజుల్లో అయిపోయింది.

చేసేది ఇంతే. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్‌లో టైమర్ పెట్టి, గట్టిగా చదవమంటాను. తప్పు చదివిన పదం మీద, వదిలేసిన పదం మీద గీత కొడతాను. ఒక పదం దగ్గర ఆగిపోతే మూడు సెకన్లు చూసి నేనే చెప్పేస్తాను. అదీ తప్పు కిందే లెక్క. తనంతట తాను దిద్దుకుంటే తప్పు కాదు, ఒకే పదాన్ని రెండుసార్లు చదివినా తప్పు కాదు. నిమిషం కాగానే అక్కడ ఒక అడ్డగీత పెడతాను. చదివిన పదాల్లోంచి తప్పులు తీసేస్తే నిమిషానికి సరిగ్గా చదివిన పదాలు వస్తాయి.

మొదటి ఏడాది నేను ఇక్కడే పొరపాటు చేశాను. నిమిషం కాగానే ఆపేసి ప్రశ్నలు అడిగేదాన్ని. నెమ్మదిగా చదివే పిల్లలు సగం కథే చూసి ఉంటారు, చివరి మూడు ప్రశ్నలేమో వాళ్లు చూడని సగంలోవి. వాళ్లకు అర్థం కావట్లేదని రాసుకున్నదంతా తప్పు. ఇప్పుడు అడ్డగీత పెట్టాక కూడా కథ చివరిదాకా చదవనిస్తాను, ఆ తర్వాతే ప్రశ్నలు.

ప్రశ్నకు రెండేసి మార్కులు: పూర్తి జవాబుకు రెండు, సగం జవాబుకు ఒకటి. రెండు ప్రశ్నలు కథలో ఉన్నదున్నట్టు చెప్పేవి, ఒకటి జరిగినవి వరుసగా చెప్పేది, ఒకటి మాటకు అర్థం, ఒకటి ఊహించి చెప్పేది. కథలో ఒకచోట “పడమటి దిక్కున మబ్బు కమ్ముకుంది. తాత గొడుగు తీసుకుని చెరువుగట్టు వైపు నడిచాడు” అని ఉంటుంది. వాన వస్తుందన్న మాట ఎక్కడా లేదు. తాత గొడుగు ఎందుకు తీసుకున్నాడన్నదే ఊహించాల్సిన ప్రశ్న.

కాగితంలో నాకు అస్సలు నచ్చనిది చివరి గడి. పదాల వేగానికి పది మార్కులు, ప్రశ్నలకు పది మార్కులు వేసి రెండూ కలిపి గ్రేడు ఇమ్మంటుంది. నిమిషానికి 70 దాటితే పది మార్కులు, 40 నుంచి 54 దాకా అయితే ఐదు. ఒక ఏడాది నా తరగతిలో ఒక పాప నిమిషంలో 74 పదాలు చదివింది, తప్పులు మూడు. అంటే 71, వేగానికి పదికి పది. ప్రశ్నల్లో మూడు మార్కులే వచ్చాయి. అదే రోజు ఒక బాబు 46 పదాలు చదివి నాలుగు తప్పులు చేశాడు. అంటే 42, వేగానికి ఐదు. ప్రశ్నల్లో ఎనిమిది వచ్చాయి. ఇద్దరికీ మొత్తం పదమూడే, గ్రేడూ ఒకటే. కానీ ఈ ఇద్దరికీ కావలసిన పాఠం ఒక్కటి కాదు.

మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలన్నది చిన్న తరగతుల్లో చదువు, లెక్కల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం. పదాల అంకె ఒక్కటే చూస్తే పాప గట్టెక్కింది, బాబు వెనకబడ్డాడు. ‘అర్థంతో’ అన్న మాట దగ్గరికొచ్చేసరికి తలకిందులైంది.

అందుకే ఇద్దరికీ కాగితంలో లేని ఇంకో పని చేశాను. అంతే తేలికైన వేరే కథ నేనే చదివి వినిపించి, అలాంటివే ఐదు ప్రశ్నలు అడిగాను. బాబుకు తొమ్మిది వచ్చాయి. పాపకు నాలుగే. అంటే పాప ఇబ్బంది చదవడంలో లేదు, విన్నా అంతే. వాళ్లది తండా, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ‘కమ్ముకుంది’ అంటే ఏమిటమ్మా అని అడిగితే “కమ్మగ ఉంది, టీచర్” అంది. ఆ పదాన్ని ఒక్క తడబాటు లేకుండా చదివిన పిల్ల! ఆమెతో ఇంకా ఇంకా గట్టిగా చదివిస్తే ఏం లాభం? పాఠం మొదలుపెట్టే ముందు బొమ్మలు చూపిస్తూ నాలుగైదు కొత్త మాటలు మాట్లాడించడం మొదలుపెట్టాను.

బాబు తప్పులు నాలుగూ ఒకే రకం. దిక్కునను ‘దికున’ అన్నాడు, మబ్బును ‘మబు’ అన్నాడు. గట్టు దగ్గర మాత్రం ‘గటు’ అని ఆగి, పైకి చూసి, ‘గట్టు’ అని దిద్దుకున్నాడు. మాట తెలిసినవాడు, వత్తు కంటికి ఆనడం లేదు. రోజూ పది నిమిషాలు ద్విత్వాక్షరాల పదాలు చదివించాను. ఆరు వారాల తర్వాత వేరే కథ మీద 51 వచ్చింది, వత్తు తప్పు ఒక్కటే. నాకు ఆ 51 కన్నా ఆ ఒక్కటే ముఖ్యం.

ఎందుకంటే కథ మారితే అంకె మారుతుంది. తెలుగులో ‘చెరువుగట్టుమీదికి’ ఒక్క పదమే, ‘ఆవు’ కూడా ఒక్క పదమే. పొడుగు పదాలున్న కథ చదివిన పిల్లకు వేగం తగ్గినట్టు కనిపిస్తుంది. అలాగని అదే కథ మళ్లీ ఇస్తే సగం కంఠతా వచ్చేసి ఉంటుంది. కాబట్టి ఈ కాగితంతో నాలుగైదు పదాల తేడా చూసి మెరుగైందనో తగ్గిందనో అనకూడదు. ఇంగ్లిష్ చదివే పిల్లల కోసం వేసిన వేగం పట్టికలతో పోల్చడం అసలే కూడదు.

దిద్దడంలో తేడాలు కూడా ఉంటాయి. ఒకసారి ఒక పిల్లాడు చదివింది ఫోన్‌లో రికార్డు చేసి, నేనూ తోటి టీచరమ్మా విడివిడిగా దిద్దాం. నాకు 42, ఆమెకు 47. చూస్తే తేడా అంతా యాస దగ్గరే. ‘శ’ను ‘స’ అన్నా, ‘ఖ’ను ‘క’ అన్నా నేను గీత కొట్టేశాను, ఆమె కొట్టలేదు. ఆమెదే సరి. ఇంటి ఉచ్చారణకు తప్పు వేయకూడదని అప్పటినుంచి ఇద్దరం ఒకటే పద్ధతి పెట్టుకున్నాం. ‘నడిచాడు’ ఉన్నచోట ‘పోయిండు’ అని చదివే పిల్లలున్నారు. అది అక్కడున్న పదం కాదు కాబట్టి లెక్కలో తప్పే, కానీ పక్కన చిన్న టిక్కు పెడతాను. అర్థం పట్టుకున్నాకే ఆ మాట నోటికొచ్చింది.

ప్రశ్నలు నిజంగా కథనే అడుగుతున్నాయా అన్నది చూసుకోవడానికి ఒక పని చేశాను. కథ చదవని ఐదో తరగతి పిల్లల్ని ఆ ఐదు ప్రశ్నలే అడిగాను. ‘మేక ఏం తింటుంది’ అన్నదానికి అందరూ ఆకులు, గడ్డి అని చెప్పేశారు. దానికి కథతో పనేముంది? ఆ ప్రశ్న కొట్టేసి, ఆ రోజు మేక ఎవరి చేలో పడిందని మార్చాను. అది కథ చదివితేనే తెలుస్తుంది.

కాగితాన్ని ఇప్పటికీ వాడుతున్నాను. మొత్తం మార్కుల గడిని పెన్నుతో కొట్టేసి, ఆ చోట ‘విని’ అని రాసుకుని, నేను చదివి వినిపించిన కథకు వచ్చిన మార్కులు మూడో అంకెగా వేస్తాను. జిరాక్స్ తీయించేటప్పుడు అక్షరం సైజు తగ్గకుండా చూసుకోవాలి. ఒకసారి చిన్నదై వచ్చింది, ఆ ఏడాది వత్తు తప్పులన్నీ ఎక్కువే కనిపించాయి.